రెండో ఆర్డర్ ఎక్కడ పడుతుంది? మార్కెట్‌ప్లేసా, సొంత స్టోరా

అందరికీ నమస్కారం. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు నలుగురు ఒకచోట చేరితే పది నిమిషాల్లో ఎవరో ఒకరు ఈ మాట అంటారు: "అమ్మిన ప్రతిదాని మీదా 15 శాతం కమిషన్ పోతోందండీ, సొంత స్టోర్ పెట్టేసుకుంటే అదంతా మనకే మిగులుతుంది కదా?" నేనూ అలాగే అనుకున్నాను. నాది స్నానపు సబ్బుల వ్యాపారం. నాలుగేళ్లు అమెజాన్ లాంటి మార్కెట్‌ప్లేస్‌లో అమ్మాక ఆ 15 శాతం మీద కోపంతోనే సొంత వెబ్‌సైట్ పెట్టి స్టోర్ తెరిచాను. మొదటి మూడు నెలలు ఆర్డర్లు బాగానే వచ్చాయి. డబ్బు మాత్రం కనిపించలేదు. ఎటు పోతోందో తెలియక ఒక రోజు కాగితం ముందేసుకుని ఒక్క పెట్టె లెక్క మొదటి నుంచి చివరిదాకా రాశాను. ఇవాళ మీ ముందు పెట్టేది ఆ కాగితమే. అంకెలు మాత్రం గుండ్రంగా మార్చాను, మీరు మీ అంకెలు పెట్టుకుని చూసుకోవడానికి వీలుగా.

పెట్టె అమ్మకం ధర 1000 అనుకోండి. ఏ దేశపు డబ్బైనా సరే. సబ్బులకు, అట్టపెట్టెకు, ప్యాకింగ్‌కు కలిపి 350 అవుతుంది. ఇది రెండు చోట్లా ఒకటే.

ముందు మార్కెట్‌ప్లేస్. కమిషన్ 15 శాతం, అంటే 150. ప్రతి ఆర్డర్‌కూ విడిగా వేసే ఫిక్స్‌డ్ ఫీజు 20. వాళ్ల కొరియర్‌లోనే పంపిస్తే 100. ఇక అందరూ లెక్కలో మర్చిపోయేది యాడ్స్. మార్కెట్‌ప్లేస్‌లో సరుకు పెట్టినంత మాత్రాన కనబడదు. వెతుకులాటలో పైన రావాలంటే అక్కడా యాడ్స్‌కు కట్టాలి. ఆర్డర్‌కు సగటున 80 పడిందనుకుందాం. అన్నీ తీసేస్తే 300 మిగులుతుంది.

ఇప్పుడు రిటర్నులు. 100 ఆర్డర్లలో 6 వెనక్కి వస్తాయనుకోండి. ఒక రిటర్న్ వస్తే ఆ 300 లాభం రాకపోవడంతో సరిపోదు. వెళ్లిన కొరియర్ 100, తిరిగొచ్చిన కొరియర్ 100, యాడ్‌కు పెట్టిన 80 పోతాయి. కమిషన్ వాపసు ఇస్తూ అందులో కొంత ఉంచుకుంటారు, అది 30 అనుకుందాం. సబ్బు పెట్టె విప్పి వచ్చిందంటే మళ్లీ అమ్మలేం కాబట్టి ఆ 350 కూడా పోయినట్టే. మొత్తం 660. నిలిచిన 94 ఆర్డర్ల మీద 28,200 వస్తే, వెనక్కి వచ్చిన 6 ఆర్డర్లు 3,960 తినేస్తాయి. చేతిలో మిగిలేది 24,240. అంటే ఆర్డర్‌కు 242.

ఇదే పెట్టె సొంత స్టోర్‌లో. కమిషన్ లేదు. కస్టమర్ కట్టిన డబ్బును మన ఖాతాకు చేర్చే పేమెంట్ గేట్‌వేకు 3 శాతం, అంటే 30. కొరియర్ 130, ఎందుకంటే రోజుకు పది పార్సిళ్లు పంపే నాకు, లక్షల పార్సిళ్లు పంపే మార్కెట్‌ప్లేస్‌కు ఇచ్చే రేటు ఇవ్వరు. ఇంతవరకూ చూస్తే 490 మిగులుతోంది, పండగే. కానీ ఆ కస్టమర్ నా స్టోర్‌కు ఎలా వచ్చాడు? యాడ్ చూసి, క్లిక్ చేసి వచ్చాడు. క్లిక్‌కు 6 పడుతోంది, వచ్చిన 100 మందిలో ఇద్దరు కొంటున్నారు అనుకోండి. అంటే ఒక ఆర్డర్ రావాలంటే 50 క్లిక్కులు కావాలి. 50 ఆర్లు 300. ఆ 490 కాస్తా 190 అయింది.

రిటర్నులు ఇక్కడా 6 అనుకుంటే ఒక్కోదానికి కొరియర్ రెండు వైపులా 260, సరుకు 350, యాడ్ 300, గేట్‌వే తిరిగివ్వని 30, మొత్తం 940 పోతుంది. 94 ఆర్డర్ల మీద 17,860 వచ్చి, అందులో 5,640 పోయి 12,220 మిగులుతుంది. స్టోర్ సాఫ్ట్‌వేర్‌కు, దానికి తగిలించుకున్న చిన్న చిన్న యాప్‌లకు నెలకు 6,000 కడుతున్నాననుకోండి. నెలకు 100 ఆర్డర్లయితే చివరికి మిగిలేది 6,220. ఆర్డర్‌కు 62.

అక్కడ 242, ఇక్కడ 62. కమిషన్ ఎగ్గొట్టాననుకుని సంబరపడ్డ మనిషి చేతికి నాలుగో వంతు వచ్చింది. (నవ్వులు) మీరు నవ్వుతున్నారు, నాకైతే ఆ రోజు నిద్ర పట్టలేదు.

ఆ రాత్రి ఒక విషయం తట్టింది. మార్కెట్‌ప్లేస్ కమిషన్‌ను నేను అమ్ముకోవడానికి కట్టే రుసుము అనుకుంటూ వచ్చాను. నిజానికి అందులో చాలా భాగం కస్టమర్‌ను తెచ్చిపెట్టినందుకు కట్టే కూలి. సొంత స్టోర్‌లో ఆ కూలి యాడ్స్‌కు పోతోంది. మరి తేడా ఏమిటి? మార్కెట్‌ప్లేస్‌లో అదే మనిషి పదిసార్లు కొన్నా పదిసార్లూ కమిషన్ కట్టాలి. సొంత స్టోర్‌లో మొదటిసారి ఎక్కువ కడతాం. రెండోసారి వచ్చినప్పుడు ఆ మనిషి ఫోన్ నంబర్, ఈమెయిల్ మన దగ్గరున్నాయి. సబ్బులు అయిపోయే సమయానికి ఒక మెసేజ్ పెడితే చాలు.

అంటే రెండో ఆర్డర్‌లో యాడ్ ఖర్చు 300 ఉండదు. 490లో మెసేజ్‌ల ఖర్చు, అప్పుడప్పుడూ వచ్చే రిటర్నులు తీసేసి 460 మిగులుతుందనుకోండి. ఇప్పుడు మళ్లీ చూడండి. 100 మంది కొత్త కస్టమర్లు వచ్చారు, వాళ్లలోంచి మళ్లీ కొన్న ఆర్డర్లు 83 వచ్చాయి. సొంత స్టోర్‌లో మొదటి వందకు 6,220, తర్వాతి 83కు 38,180, కలిపి 44,400. అవే 183 ఆర్డర్లు మార్కెట్‌ప్లేస్‌లో పడి ఉంటే 242 చొప్పున 44,286. దాదాపు సమానం. ఈ అంకెలతో చూస్తే, 100 మంది కొత్తవాళ్ల నుంచి 83కు మించి మళ్లీ ఆర్డర్లు వస్తే సొంత స్టోర్ గెలుస్తుంది, తగ్గితే మార్కెట్‌ప్లేస్.

(ప్రేక్షకుల్లోంచి ఒకరు: ఒక్క నిమిషం అండీ. మార్కెట్‌ప్లేస్‌లో కూడా మళ్లీ కొనేవాళ్లు యాడ్ నొక్కకుండా పాత ఆర్డర్లలోకి వెళ్లి నేరుగా కొంటారు కదా. వాళ్ల మీద 80 ఎందుకు వేశారు?)

సరైన ప్రశ్న. నేనూ ఆ తప్పు చేశాను, ఏడాది తర్వాత దిద్దుకున్నాను. వాళ్లంతా నేరుగా వస్తారనుకుంటే అక్కడ రెండో ఆర్డర్ మీద 242 బదులు 322 మిగులుతుంది. అప్పుడు గీత 83 దగ్గర ఆగదు, 130 దాకా జరుగుతుంది. నిజం ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది, ఎందుకంటే నా పేరు కొట్టి వెతికినవాళ్లకు కూడా నా సబ్బు పైన వేరేవాళ్ల యాడ్ చూపిస్తారు. నా కస్టమర్‌ను నిలుపుకోవడానికి నా పేరు మీదే నేను యాడ్ కొనాల్సి వస్తుంది. మంచి వ్యాపారం వాళ్లది.

ఇంకో అంకె చాలా సున్నితమైనది. 100 మందిలో ఇద్దరు కొంటున్నారన్నాను. అది ఒక్కరైతే? 50 క్లిక్కులు కాస్తా 100 అవుతాయి, యాడ్ ఖర్చు 600 అవుతుంది, 490లోంచి 600 తీస్తే ఆర్డర్‌కు 110 నష్టం. అందుకే స్టోర్‌కు డిజైన్లు చేయించే ముందు ఒక్క సరుకుతో ఒక్క పేజీ పెట్టి, ఓ వెయ్యి క్లిక్కులు కొని చూడండి. 20 ఆర్డర్లు వస్తే 2 శాతం. 5 వస్తే పేజీలోనో ధరలోనో ఫోటోల్లోనో తేడా ఉంది, అది తేలకుండా స్టోర్ కట్టొద్దు. ఇంట్లోవాళ్లు, స్నేహితులు కొన్న ఆర్డర్లను ఈ లెక్కలో కలపకండి. నేను కలిపాను.

సరే, నాది సబ్బు, అరిగిపోతుంది, మళ్లీ కొంటారు. నా స్నేహితుడొకడు టేబుల్ లైట్లు అమ్ముతాడు. లైటు కొన్న మనిషి మళ్లీ ఎప్పుడొస్తాడు? అది పగిలితేనో ఇల్లు మారితేనో. రెండో ఆర్డర్ లేదు కాబట్టి ప్రతి కస్టమరూ కొత్తవాడే, ప్రతిసారీ 300 కట్టాల్సిందే. అతన్ని మార్కెట్‌ప్లేస్‌లోనే ఉండమన్నాను. అయితే అతని అసలు తలనొప్పి కమిషన్ కాదు, కొరియర్. అది రెండు చోట్లా తగిలేదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

పార్సిల్ చార్జీ అసలు బరువు మీద ఒక్కటే ఉండదు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, చాలా కొరియర్లు 5000తో భాగిస్తాయి. వచ్చినదాన్ని కిలోల్లో వాల్యూమెట్రిక్ బరువు అంటారు. అసలు బరువు, ఇది, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే డబ్బు. మావాడి లైటు మూడు కిలోలు. పెట్టె 40, 40, 45. గుణిస్తే 72,000. భాగిస్తే 14.4 కిలోలు. మూడు కిలోల సరుక్కి పద్నాలుగున్నర కిలోల చార్జీ కడుతున్నాడు, దాదాపు ఏడాదిగా! బిల్లులో ఆ అంకె కనిపిస్తూనే ఉంది, అతను కిందున్న మొత్తం ఒక్కటే చూసేవాడు.

లైటు చేయి మడిచే చోట ఒక మర పెట్టించి, పైన గొడుగులాంటిది విడిగా వచ్చేలా చేయించాడు. పెట్టె 40, 30, 20 అయింది. 24,000 బై 5000, 4.8 కిలోలు. మూడో వంతుకు దిగింది. ఏ మార్కెట్‌ప్లేస్‌తో బేరమాడినా అంత తగ్గింపు రాదు. ఇంకో సంగతి, మార్కెట్‌ప్లేస్ గోడౌన్‌లోనో కొరియర్ కేంద్రంలోనో పెట్టెను మళ్లీ కొలుస్తారు. మీరు రాసిన కొలతకు తేడా వస్తే తర్వాతి బిల్లులో కలుపుతారు. స్కేలు పక్కన పెట్టి పెట్టె ఫోటో, తూకం మీద పెట్టిన ఫోటో తీసి ఉంచుకోండి. అభ్యంతరం పెట్టేటప్పుడు అడిగేది అవే. ఉబ్బిన కవర్లలో పంపితే కొలత ఎప్పుడూ మనకు వ్యతిరేకంగానే వస్తుంది.

డెలివరీలో సొంత స్టోర్ వాళ్లకు మరో భారం ఉంది. అది డబ్బు రూపంలో కనబడదు. మార్కెట్‌ప్లేస్‌లో పార్సిల్ ఆలస్యమైతే కస్టమర్ వాళ్లను తిడతాడు. సొంత స్టోర్‌లో మనల్ని తిడతాడు. "నా ఆర్డర్ ఎక్కడుంది" అన్న మెసేజ్‌లకు జవాబులు రాయడానికే నాకు రోజూ గంటన్నర పట్టేది. పార్సిల్ బయల్దేరినప్పుడు, ఊరు చేరినప్పుడు, ఇవాళ ఇస్తారన్నప్పుడు, మూడుసార్లు దానంతటదే మెసేజ్ వెళ్లేలా పెట్టాక అది పావుగంటకు తగ్గింది. ఇంట్లో ఎవరూ లేక తిరిగొచ్చే పార్సిళ్ల సంగతి వేరు. కొరియర్ అతను ఒకసారి ప్రయత్నించి విఫలమైతే ఆ రోజే మనం కస్టమర్‌కు ఫోన్ చేయాలి. మర్నాటికి వదిలేస్తే సగం వెనక్కే వస్తాయి, ఇది నా అనుభవం.

దొంగ కార్డు సమస్య కూడా మనదే. కార్డు అసలు యజమాని ఇది నేను చేయలేదని బ్యాంకులో ఫిర్యాదు చేస్తే చాలాసార్లు డబ్బు వెనక్కి లాగేస్తారు. సరుకు అప్పటికే వెళ్లిపోయింది. పైగా ఒక జరిమానా ఫీజు. పెద్ద ఆర్డర్, కొత్త కస్టమర్, బిల్లు అడ్రస్ ఒకటి, డెలివరీ అడ్రస్ ఇంకొకటి, అన్నీ కలిసి వస్తే పంపే ముందు ఫోన్ చేయండి.

ఇక అదుపు ఎవరి చేతిలో ఉంటుందన్నది. 2022 ఏప్రిల్‌లో ఎట్సీ అనే మార్కెట్‌ప్లేస్ తన లావాదేవీ రుసుమును 5 శాతం నుంచి 6.5 శాతానికి పెంచింది. చాలామంది సెల్లర్లు నిరసనగా వారం రోజులు దుకాణాలు మూసుకున్నారు. రుసుము మాత్రం తగ్గలేదు. ఒకటిన్నర శాతమే కదా అనిపిస్తుంది. నా లెక్కలో వెయ్యికి 15, అంటే చేతికొచ్చే 242లో 15. రుసుములు వాళ్లు ఎప్పుడైనా మార్చగలరు. వాళ్ల స్థలం కదా.

అంతకంటే కంగారు పెట్టేది ఖాతా. అమెజాన్‌నే తీసుకోండి. సెల్లరే సొంతంగా పంపే ఆర్డర్లలో లోపాలు 1 శాతం లోపు, ఆలస్యంగా పంపినవి 4 శాతం లోపు, మనంతట మనం రద్దు చేసినవి 2.5 శాతం లోపు ఉండాలంటుంది. దాటితే అమ్మకం హక్కే పోవచ్చు. 4 శాతం చాలానే ఉంది కదా అనుకుంటాం. నెలకు 100 ఆర్డర్ల చిన్న సెల్లర్‌కు అది నాలుగు పార్సిళ్లు. ఒక్క రోజు జ్వరమొచ్చి పడుకుంటే చాలు. నాకు ఒక మార్కెట్‌ప్లేస్‌లో, పేరెందుకు లెండి, ఖాతా 19 రోజులు ఆగిపోయింది. ఒక పత్రంలో నా పేరు స్పెల్లింగ్ తేడా. రావాల్సిన డబ్బు కూడా ఆపేశారు. ఆ 19 రోజులూ నేను ముడిసరుకు వాళ్లకు ఏం చెప్పుకున్నానో నాకే గుర్తులేదు, అంత టెన్షన్. అప్పటినుంచి ఒక నెల ఖర్చులకు సరిపడా డబ్బు విడిగా పెడుతున్నాను.

ఈ 2.5 శాతం రద్దుల నియమం రెండు చోట్లా అమ్మేవాళ్లకు ఉచ్చు. నా దగ్గర ఒక రకం సబ్బు చివరి పెట్టె ఒకటే ఉంది. మార్కెట్‌ప్లేస్‌లోనూ ఒకటి ఉందని చూపిస్తోంది, నా స్టోర్‌లోనూ చూపిస్తోంది. ఐదు నిమిషాల తేడాలో రెండు చోట్లా అమ్ముడుపోయింది. ఒకటి రద్దు చేయక తప్పదు. స్టాక్‌ను రెండు చోట్లా కలిపే యాప్‌లున్నాయి, కానీ అవి కొన్ని నిమిషాలకొకసారే సరిచూస్తాయి. అందుకే మార్కెట్‌ప్లేస్‌లో ఎప్పుడూ ఉన్నదానికంటే రెండు తక్కువ చూపించేలా పెట్టాను. రద్దు చేయాల్సి వస్తే నా స్టోర్‌లో రద్దు చేసి, ఫోన్ చేసి క్షమాపణ చెబుతాను. అక్కడ శాతాలు లెక్కేసే వాళ్లెవరూ లేరు.

(ప్రేక్షకుల్లోంచి ఇంకొకరు: అక్కడ కొన్నవాళ్ల పెట్టెలో "నేరుగా మా స్టోర్‌లో కొంటే పది శాతం తగ్గింపు" అని ఒక చీటీ పెట్టేస్తే సరిపోతుందిగా అండీ?)

పెట్టొద్దు. కస్టమర్లను బయటికి మళ్లించడం పెద్ద మార్కెట్‌ప్లేస్‌ల నియమాలకు విరుద్ధం. ఒక్క కస్టమర్ ఫిర్యాదు చేసినా ఖాతాకే ఎసరు. నాకు పనికొచ్చింది వేరే. మొదట్లో నా సబ్బు మీద కాగితం చుట్టేవాడిని, దాని మీద నా బ్రాండ్ పేరు. స్నానాల గదిలోకి వెళ్లే ముందే ఆ కాగితం చెత్తబుట్టలోకి వెళ్లేది. తర్వాత పేరును సబ్బు మీదే అచ్చు వేయించాను. నెల రోజులు రోజూ ఉదయం ఆ పేరు చేతిలో ఉంటుంది. ఇది ఎవరి నియమాన్నీ తప్పడం కాదు, నా సరుకు మీద నా పేరు.

దాని ఫలితం ఎక్కడ చూడాలో చెబుతాను. సొంత స్టోర్ తెరవాలా వద్దా అన్న ప్రశ్నకు నేను ముందుగా చూడమనేది ఇదే. మార్కెట్‌ప్లేస్ సెల్లర్ ఖాతాలో, యాడ్స్ నివేదికల్లో, జనం ఏ మాట కొట్టి వెతికితే మన సరుకు దొరికిందో ఉంటుంది. నాకు చాలా ఏళ్లపాటు అక్కడ అన్నీ సరుకు పేర్లే, "వేప సబ్బు", "పొడి చర్మానికి సబ్బు" లాంటివి. నా బ్రాండ్ పేరు లేదు. అంటే వాళ్లు మార్కెట్‌ప్లేస్ కస్టమర్లు, నేను తగిలాను అంతే. అలాంటప్పుడు స్టోర్ తెరిస్తే వాళ్లెవరూ రారు, ప్రతి ఒక్కరినీ 300 పెట్టి కొనుక్కోవాల్సిందే. అచ్చు వేయించిన తర్వాత ఆ జాబితాలో నా పేరు మెల్లగా పైకి రావడం మొదలైంది. నేను స్టోర్ తెరవాల్సింది నిజానికి అప్పుడు. తెరిచింది అంతకు ఏడాది ముందు, కోపంతో.

(ప్రేక్షకుల్లోంచి: ఇప్పుడు రెండు చోట్లా ధర ఒకటేనా? మీ స్టోర్‌లో తగ్గించి పెడితే అక్కడివాళ్లు ఊరుకుంటారా?)

ఊరుకోకపోవచ్చు. అదే సరుకు బయట తక్కువకు దొరుకుతోందని కనిపెడితే, అక్కడ మన లిస్టింగ్‌లో ముందుండే కొనుగోలు బటన్‌ను తీసేసే మార్కెట్‌ప్లేస్‌లున్నాయి. బటన్ పోతే అమ్మకాలు ఒక్కసారిగా పడిపోతాయి, ఎందుకో చాలామందికి వారం దాకా అర్థం కాదు. అందుకని నేను ధరతో ఆడను. మూడు సబ్బుల చిన్న పెట్టె మార్కెట్‌ప్లేస్‌లో ఉంటుంది, కొత్తవాళ్లు వాడి చూడటానికి. ఆరు సబ్బుల పెట్టె, తొమ్మిది సబ్బులది నా స్టోర్‌లోనే దొరుకుతాయి. ఒకటే సరుకు కాదు కాబట్టి పోల్చడానికి ధర లేదు. పైగా తొమ్మిది సబ్బులు ఒక్క పార్సిల్‌లో వెళ్తాయి, మూడు పార్సిళ్ల కొరియర్ ఒక్కదాంట్లో తేలిపోతుంది. అసలు ఆ పెట్టె కొలతలు వేసింది మా లైట్ల స్నేహితుడే, స్కేలు పట్టుకుని వచ్చి.